మూత్రంలో మంట తగ్గాక చలిజ్వరం: ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిందా?

ప్రశ్న: నా వయసు 42. మాది తాడిపత్రి. షుగర్ ఉంది. వారం కిందట మూత్రంలో మంటగా ఉంటే మెడికల్ షాపులో నైట్రోఫ్యూరాంటాయిన్ మాత్రలు తెచ్చి వాడాను. మంట తగ్గింది. నిన్నటి నుంచి వణుకుతో జ్వరం, కుడివైపు నడుము పైన నొప్పి, వాంతులు. ఎండ వేడికి అంటున్నారు. వేరే మాత్రలు వాడి చూడనా, ఆసుపత్రిలో చేరాలా?

జవాబు: చేరాలమ్మా, ఈ రోజే. ఇంకో మాత్ర వాడి చూసే దశ దాటిపోయింది.

ఇన్ఫెక్షన్ మూత్రాశయం వరకే ఉంటే మంట, మాటిమాటికీ బాత్‌రూమ్‌కు పరుగు, పొత్తికడుపులో నొప్పి ఉంటాయి. జ్వరం మామూలుగా రాదు. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, పళ్లు టకటకలాడే వణుకు, వికారం, చివరి పక్కటెముక కింద ఒకవైపు నొప్పి కనిపిస్తే అది కిడ్నీకి పాకిందని అనుమానించాలి. అక్కడ డాక్టరు చేత్తో మెల్లగా తడితేనే మనిషి ఉలిక్కిపడతారు. మామూలు నడుము నొప్పి వంగినప్పుడు, లేచినప్పుడు ఎక్కువవుతుంది. ఈ నొప్పి కదలకుండా పడుకున్నా వదలదు.

మీరు వాడిన మందు చెడ్డదేమీ కాదు. అయితే అది మూత్రంలో చేరి పనిచేస్తుంది. కిడ్నీ కండలోకి సరిపడా వెళ్లదు. అందుకే మంట పోయినా పైన ఇన్ఫెక్షన్ పెరగగలిగింది.

కిడ్నీ ఇన్ఫెక్షన్ వచ్చిన అందరూ చేరక్కర్లేదు. షుగర్ లేకుండా, గర్భవతి కాకుండా, మాత్రలూ నీళ్లూ కడుపులో నిలుస్తుంటే డాక్టరు పర్యవేక్షణలో ఇంట్లోనే మందులు వాడొచ్చు. మీకు వాంతులున్నాయి, షుగర్ ఉంది. మందు రక్తనాళం ద్వారా ఇవ్వాల్సిందే. తల తిరిగినా, మాట తడబడినా, ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరుతోందేమో. అప్పుడు బస్సు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. అనంతపురం సర్వజన ఆసుపత్రికైనా సరే, అల్ట్రాసౌండ్ ఉన్న మరో ఆసుపత్రికైనా సరే.

అక్కడ మొదటి ఇంజెక్షన్‌కు ముందే ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు మూత్రం, రక్తం తీయించుకోండి. ఒకసారి యాంటీబయాటిక్ ఎక్కాక క్రిమి దొరకడం కష్టం. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగర్ కూడా చూస్తారు. అల్ట్రాసౌండ్ మాత్రం వాయిదా వేయొద్దు. నీళ్లు తక్కువ తాగే మన ఎండల్లో రాళ్లు మామూలే. రాయి అడ్డుపడి కిడ్నీ ఉబ్బి ఉంటే వెనక చీము నిలుస్తుంది, ఎంత మంచి ఇంజెక్షనైనా ఒంటరిగా పనిచేయదు. మూత్రనాళంలో స్టెంటో, వీపు నుంచి గొట్టమో పెట్టి గంటల్లోనే ఆ చీమును బయటికి తీయాలి.

ఇంజెక్షన్లు మొదలైన తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం ఉండొచ్చు, కంగారొద్దు. మూడో రోజుకీ దిగకపోతే సీటీ స్కాన్ అవసరం. షుగర్ ఉన్నవారిలో కిడ్నీలో చీముగడ్డ గానీ గ్యాస్ గానీ ఏర్పడవచ్చు.

వెళ్లేలోపు జ్వరానికి పారాసెటమాల్ చాలు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీకి ఇంకా భారం. షుగర్ మాత్రల స్ట్రిప్‌లు వెంట తీసుకెళ్లి చూపించండి. వాంతులవుతున్నప్పుడు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు.