ఉగాది ప్రకటన పంపే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మన ఉగాది సభ ప్రకటనకు నువ్వు పంపిన ముసాయిదా చదివాను. కోయిల ఉంది, మామిడి చిగురు ఉంది. టిక్కెట్ ఎంతో తెలియడానికి మాత్రం నాలుగో పేరా దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇక్కడ అమెరికాలో దాన్ని అందరూ ఆఫీసు పని మధ్యలో ఫోనులో చూస్తారు. తేదీ, వేళ, హాలు, ధర మొదటి నాలుగు వరుసల్లోనే ఉండాలి. ఉగాది 2026 మార్చి 19, గురువారం. మన సభ 21, శనివారం. రెండూ విడివిడిగా రాయి. సంవత్సరం పేరు 'పరాభవ' అని జంకి దాచకు. పంచాంగ శ్రవణంలో ఎలాగూ వినిపిస్తుంది.

అసలు చిక్కు 'కుటుంబ టిక్కెట్' అన్న మాటలో ఉంది. నేను సంఘం కార్యదర్శిగా ఉన్న ఏడాది 'కుటుంబానికి 60 డాలర్లు' అని రాసి ఊరుకున్నాను. 80 టిక్కెట్లు అమ్ముడుపోయాయి. ఇంటికి నలుగురు చొప్పున 320 భోజనాలు చెప్పాం. వచ్చినవాళ్లు 390 మంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు మనవరాలి నాట్యం చూడకుండా ఇంట్లో కూర్చుంటారా? ఆఖరి పంక్తికి పులిహోర అయిపోయింది, బొబ్బట్లు సగానికి తుంచి వడ్డించాం. పరాభవమంటే అదీ.

అందుకే కుటుంబమంటే దంపతులు, 18 ఏళ్లలోపు పిల్లలు అని విడమరచి రాయి. తల్లిదండ్రులకు ప్రవేశం ఉచితమైనా పేరు నమోదు తప్పదని చెప్పు. డబ్బు కట్టేచోటే పెద్దలెందరు, పిల్లలెందరు అని అడుగు. విద్యార్థులకు విడిగా ఒక ధర పెట్టు. వేదికెక్కే పిల్లల ఇంటివారూ టిక్కెట్ కొనాలా, అక్కర్లేదా అన్నది కమిటీలో తేల్చి ప్రకటనలోనే రాయి. లేకపోతే ఆ వాదన గుమ్మం దగ్గర జరుగుతుంది, అదీ నీతోనే.

వంటవాళ్లకు వారం ముందే లెక్క చెప్పాలి కాబట్టి తగ్గింపు ధరకు 13వ తేదీ గడువు పెట్టు. ఎవరెంత బతిమాలినా పొడిగించకు. ఒక్కసారి పొడిగిస్తే వచ్చే ఏడాది ఎవరూ ముందుగా కొనరు.

'సాదర ఆహ్వానం' అని అందరూ రాస్తారు. ఈ ఊరికి కొత్తగా వచ్చిన ఇల్లాలికి దానితో ధైర్యం రాదు. 'ఇక్కడ మీకెవరూ తెలియకపోయినా రండి, పచ్చడి పంచేచోట మావాళ్లుంటారు, మిమ్మల్ని వెంటబెట్టుకుని తీసుకెళ్లి నలుగురిలో కూర్చోబెడతారు' అని రాయి. రాసిన తరువాత నిజంగానే ఇద్దరిని అక్కడ నిలబెట్టు; మాటకారులైతే మరీ మంచిది.

పచ్చడి అంటే గుర్తొచ్చింది. తాజా వేపపువ్వు ఇక్కడ దొరకదు, ఎండు పువ్వు ఆఖరి వారంలో కొట్లలో మిగలదు. మా ఇంట్లో ఒక డబ్బా ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

మీ బాబాయి