జిప్పు మారుతుంది, గుండీ మారుతుంది: పాత గౌను కాలాన్ని ఎలా తేల్చాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కాండ్లాలో విదేశాల పాత బట్టలు వేరుచేసే ఒక యూనిట్ వాళ్లు వింటేజ్ విభాగంలో ఇంటర్న్‌షిప్‌కి పిలిచారు. ఇంటర్వ్యూలో ఒక అమెరికన్ గౌను చేతికిచ్చి, ఏ కాలం నాటిదో చెప్పమంటారట. జిప్పు, లేబుల్, కుట్టు, గుండీ... వీటిలో దేన్ని నమ్మాలి?

జవాబు: ముందు లేబుల్, తర్వాత లోపలి కుట్టు, ఆ తర్వాత జిప్పు, అన్నిటికన్నా చివర గుండీలు. ఒక వస్తువు మారిపోయి ఉండే అవకాశం ఎంత ఎక్కువో, దాని మాటకు విలువ అంత తక్కువ. గుండీ ఊడితే ఇంట్లో ఎవరైనా కుట్టేస్తారు. జిప్పు పాడైతే దర్జీ మారుస్తాడు. లోపలి కుట్లన్నీ విప్పి మళ్లీ కుట్టేవాళ్లు మాత్రం అరుదు.

మీకు ఇవ్వబోయేది ఇలాంటి గౌను అనుకోండి: కాటన్‌ది, ముందు ఐదు గుండీలు, వీపు మధ్యలో నైలాన్ జిప్పు. జిప్పు చూడగానే చాలామంది '1960ల చివరిది' అనేస్తారు. నైలాన్ చుట్ల జిప్పు రెడీమేడ్ గౌన్లలో మామూలైపోయింది ఆ రోజుల్లోనే కాబట్టి ఆ ఊహ సహజమే. కానీ గౌనును తిరగేసి జిప్పు పట్టీ పక్కనున్న బట్టను వెలుతురుకు అడ్డంగా పట్టండి. ఇప్పుడున్న కుట్టుకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో వరసగా సూది రంధ్రాలు కనిపిస్తే, అక్కడ ఇంతకుముందు ఇంకో జిప్పు ఉండేదన్నమాట. జిప్పు కుట్టిన దారం పక్క కుట్ల దారంతో రంగులో కలవకపోతే అనుమానం తీరినట్టే. 1950ల గౌన్లలో ఎక్కువగా లోహపు జిప్పే ఉండేది, అది పోయాక ఇది వేశారు. ఈ జిప్పును లెక్కలోంచి తీసేయండి.

ఇప్పుడు లేబుళ్లు. నడుము దగ్గరి పక్క కుట్టులో చిన్న యూనియన్ లేబుల్ వెతకండి. అది ఐఎల్‌జీడబ్ల్యూయూ, అంటే ఆడవాళ్ల దుస్తులు కుట్టే అమెరికన్ కార్మికుల సంఘానిది. దాని మీద ఏఎఫ్ఎల్-సీఐఓ అని ఉంటే 1955కు ముందుది కాదు, ఏఎఫ్ఎల్, సీఐఓ అనే రెండు కార్మిక సమాఖ్యలు కలిసింది ఆ ఏడాది డిసెంబరులోనే. వలయంలో ఆర్ అక్షరం ఉండే రిజిస్టర్డ్ గుర్తు 1963లో చేరింది. ఎరుపు, తెలుపు, నీలం రంగుల లేబుల్ 1974 నుంచి వచ్చింది. మన గౌను మీద ఏఎఫ్ఎల్-సీఐఓ ఉంది, రిజిస్టర్డ్ గుర్తు లేదు. అంటే 1955–63 మధ్యది.

పక్కనే ఇంకో లేబుల్: నూరు శాతం కాటన్, ఆర్ఎన్ అక్షరాలు, 17తో మొదలయ్యే ఐదంకెల సంఖ్య. ఆర్ఎన్ అంటే కంపెనీ రిజిస్ట్రేషన్ సంఖ్య. 13670 నుంచి మొదలయ్యే వరస 1959లో ఆరంభమైంది, కాబట్టి గౌను 1959కి ముందుది కాలేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ సంఖ్య కంపెనీ నమోదైన కాలాన్ని చెబుతుంది, గౌను కుట్టిన సంవత్సరాన్ని కాదు. అదే సంఖ్యను ఆ కంపెనీ దశాబ్దాల పాటు వాడుకోవచ్చు. అందుకే అది కింది హద్దు మాత్రమే ఇస్తుంది. పై హద్దు యూనియన్ లేబుల్ ఇచ్చింది.

ఉతికే సూచనల లేబుల్ ఇందులో లేదు. అమెరికాలో అది తప్పనిసరి అయింది 1972 జూలైలో. ఉంటే గట్టి సాక్ష్యమే. లేకపోతే మాత్రం '1972కి ముందుది' అని తేల్చేయకండి, మెడకు గుచ్చుకుంటోందని కత్తిరించేసిన గౌన్లు ఎన్నో. మెడ కుట్టులో లేబుల్ మొదలు మిగిలిందేమో చూడండి.

లోపలి అంచులు జిగ్‌జాగ్ కత్తెరతో కోసి ఉన్నాయి. ఆ కాలానికి ఇది సరిపోతుంది. అంచులన్నీ ఓవర్‌లాక్ అయి ఉంటే 1960ల చివర, ఆ తర్వాత అన్న అనుమానం రావాలి. అయితే ఓవర్‌లాక్ యంత్రం పంతొమ్మిదో శతాబ్దం నుంచే ఉంది, కాబట్టి అదొక్కటే చూసి తీర్పు ఇవ్వకూడదు.

ఐదు గుండీల్లో ఒకటి మెరుపులో తేడాగా ఉంది, దాని దారమూ వేరే. మిగతా నాలుగు ఒకే రకం, దారం గౌను కుట్టుతో కలుస్తోంది. అంటే నాలుగు అసలువి, ఒకటి తర్వాత కుట్టింది. అంతకుమించి గుండీలతో కాలం తేల్చకండి. కాల్చిన సూది గుచ్చి, బేకలైట్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌దో కాదో చూడమని ఎవరైనా చెప్పినా, ఎదుటివారి సరుకు మీద ఆ పని చేయొద్దు. మచ్చ పడితే ధర పడిపోతుంది.

ఇంటర్వ్యూలో '1960' అని ఒక్క ఏడాది చెప్పకండి. 'దాదాపు 1959–63, జిప్పు తర్వాత మార్చింది, ఒక గుండీ అసలుది కాదు' అనండి, ఏ లేబుల్ ఏ హద్దు ఇచ్చిందో వేలితో చూపించండి. పాత లేబుళ్ల నిల్వ అయ్యేదాకా కంపెనీ వాడి ఉండొచ్చు కాబట్టి పై హద్దు దగ్గర ఏడాది సడలింపు ఇస్తే తప్పు కాదు. వెళ్లేటప్పుడు పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, చిన్న టార్చి వెంట తీసుకెళ్లండి. ఈలోగా ఇంట్లోని పాత రెడీమేడ్ బట్టల్లో జిప్పు మార్చినవి నాలుగైదు వెతికి, పాత సూది రంధ్రాలను ఫొటో తీసి పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోండి.