పాత పీఎఫ్ తీసేసి కొత్తగా మొదలుపెట్టమంటున్నారు, తీయాలా?

ప్రశ్న: 2007 నుంచి 2013 వరకు ఆరేళ్లు ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేశాను. పిల్లల కోసం మానేశాను. ఇప్పుడు నాకు 42 ఏళ్లు, మళ్లీ ఉద్యోగంలో చేరుతున్నాను. బేసిక్ 25 వేలు. పాత పీఎఫ్‌లో, పెన్షన్‌లో ఇప్పటిదాకా ఒక్క రూపాయీ తీయలేదు. కొత్త ఆఫీసు హెచ్ఆర్ వాళ్లు "పాతది విత్‌డ్రా చేసేయండి, ఫారంలో ఇంతకుముందు పీఎఫ్ లేదని రాయండి, మాకు ఈజీ" అంటున్నారు. మధ్యలో పోయిన పన్నెండేళ్ల పెన్షన్ ఎలా పూడ్చుకోవాలి? ఈ మధ్యలో మా వారు నా పేరున కొంత డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు. అదీ ప్లాన్‌లో కలుపుకోవచ్చా?

జవాబు: పాతది తీయకండి. ఫారంలో "లేదు" అని అసలు రాయకండి. హెచ్ఆర్ వాళ్లకు ఈజీ అయ్యే ఆ ఒక్క మాటతో మీ పెన్షన్ హక్కు మొత్తం పోవచ్చు.

ఎందుకో చెబుతాను. ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్) 1995లో వచ్చింది. 2014 సెప్టెంబరు 1 నుంచి దాంట్లో ఒక పెద్ద మార్పు చేశారు. ఆ తేదీన గానీ ఆ తర్వాత గానీ కొత్తగా పీఎఫ్‌లో చేరేవారి వేతనం 15,000 దాటితే వారికి పెన్షన్ పథకంలో చోటు లేదు. అంతకుముందే సభ్యులుగా ఉండి, పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకోనివారికి ఈ అడ్డు లేదు. వాళ్ల జీతం ఎంతున్నా సభ్యత్వం కొనసాగుతుంది. మీరు ఈ రెండో వర్గంలో ఉన్నారు. విత్‌డ్రా చేసిన మరుక్షణం మొదటి వర్గంలోకి వెళ్లిపోతారు. 25 వేల బేసిక్‌తో మళ్లీ లోపలికి వచ్చే దారి ఉండదు.

ఇప్పుడు మీ లెక్కే చూద్దాం. పెన్షన్‌కు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. మధ్యలో విరామం వచ్చిందని పాత సర్వీసు రద్దు కాదు, రెండు ముక్కలూ కలుస్తాయి. పాతది ఆరేళ్లు, 58 ఏళ్లు నిండే దాకా కొత్తది పదహారేళ్లు, మొత్తం 22. ఇరవై దాటింది కాబట్టి రెండేళ్లు బోనస్‌గా కలుపుతారు. పెన్షన్ సూత్రం తేలికే: పెన్షన్ వేతనాన్ని, అంటే ఒక పరిమితి దాకా మాత్రమే లెక్కలోకి తీసుకునే జీతాన్ని, సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. మీ బేసిక్ 25 వేలైనా ఆ పరిమితి 15,000. చాలామంది అన్ని ఏళ్లకూ 15,000 వేసుకుని అయిదు వేలు దాటుతుందని ఆశపడతారు. 2014 సెప్టెంబరుకు ముందు ఏళ్లకు వేతన పరిమితి 6,500 మాత్రమే. ఆ ఏళ్లకు ఆ లెక్కే వేస్తారు. అలా చూస్తే మీకు నెలకు సుమారు 4,300 వస్తుంది. జీవితాంతం వస్తుంది, మీ తర్వాత భర్తకు కొంత భాగం వస్తుంది. ధరలతో పాటు పెరగదు, కట్టిన అసలు మొత్తం తిరిగి రాదు.

తీసేస్తే ఏమవుతుందో కూడా న్యాయంగా చెప్పాలి. యజమాని వాటాలో నెలకు 1,250 పెన్షన్‌కు వెళ్లకుండా మీ పీఎఫ్‌లోనే పడుతుంది. 8.25 శాతం వడ్డీ ఇలాగే ఉంటుందనుకుంటే పదహారేళ్లకు అది సుమారు 4.8 లక్షలు. అంటే 58 తర్వాత తొమ్మిదిన్నరేళ్లలోపే పెన్షన్ ఆ మొత్తాన్ని, వడ్డీ పక్కన పెడితే, దాటేస్తుంది. డెబ్భై, ఎనభై దాకా బతికే కుటుంబంలో పుట్టినవారికి నేను పెన్షనే మేలంటాను.

ఇక చేయాల్సిన పని. చేరేటప్పుడు ఇచ్చే ఫారం 11లో "ఇంతకుముందు పీఎఫ్ సభ్యులా?", "1995 పెన్షన్ పథకం సభ్యులా?" అనే రెండు ప్రశ్నలకూ అవునని రాసి, పాత పీఎఫ్ నంబరు ఇవ్వండి. ఉద్యోగం మారినా మారకుండా ఉండే పీఎఫ్ నంబరు యూఏఎన్ మీరు మానేసిన తర్వాతే వచ్చింది కాబట్టి పాత ఖాతాకు అది ఉండకపోవచ్చు. పాత జీతం స్లిప్పు మీద పీఎఫ్ నంబరు వెతకండి. పాత ఖాతాను కొత్త యూఏఎన్‌కు ట్రాన్స్‌ఫర్ చేయించండి. ఇక్కడే ఆడవాళ్లకు ఎక్కువ చిక్కు. పాత రికార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటే దరఖాస్తు తిరిగి వస్తుంది. ముందు మీరూ యజమానీ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్‌తో పేరు సరిచేయించుకుని, ఆ తర్వాతే ట్రాన్స్‌ఫర్ పెట్టండి.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక కొత్త పాస్‌బుక్‌లో పాత పెన్షన్ డబ్బు కనిపించదు, టెన్షన్ పడకండి. పెన్షన్‌లో డబ్బు కదలదు, సర్వీసు వివరాలే వెళ్తాయి. చూడాల్సింది వేరే ఉంది. కొత్త ఉద్యోగం మొదటి నెలల పాస్‌బుక్‌లో పెన్షన్ గడిలో 1,250 పడుతోందా? సున్నా ఉంటే మిమ్మల్ని కొత్త సభ్యురాలిగా చూపించారన్నమాట. అప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఏళ్లు గడిచాక సరిచేయాలంటే యజమాని నుంచి, పీఎఫ్ ఆఫీసు నుంచి బోలెడు కాగితాలు కావాలి.

పోయిన పన్నెండేళ్లకు ఇప్పుడు డబ్బు కట్టి సర్వీసు కొనుక్కునే వీలు ఈపీఎస్‌లో లేదు. ఆ లోటు బయటే పూడ్చాలి. నేనైతే ముందుగా పీఎఫ్‌లోనే స్వచ్ఛందంగా ఎక్కువ కట్టమంటాను. నెలకు 5,000 అదనంగా కడితే, ఇదే వడ్డీకి 58 నాటికి సుమారు 19 లక్షలవుతుంది. ఏటా మీ వాటా 2.5 లక్షలు దాటితేనే ఆ పైభాగంపై వడ్డీకి పన్ను పడుతుంది, అంతదూరం మీరు రారు. జాతీయ పెన్షన్ పథకం కూడా పెట్టుకోవచ్చు గానీ పన్ను కోసం మాత్రం వద్దు. కొత్త పన్ను విధానంలో మీ సొంత వాటాకు మినహాయింపు లేదు. యజమాని కట్టే వాటాకే ఉంది. పైగా 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి మామూలుగా పన్నే పడదు. పన్ను మిగులుతుందని చెప్పి ఎవరైనా పాలసీ అంటగడితే లేచి వచ్చేయండి. పాత పీఎఫ్‌లో విరామ కాలానికి పడిన వడ్డీ మాత్రం పన్ను లెక్కకు వస్తుంది, రిటర్నులో చూపించండి.

మీ వారు మీ పేరున వేసిన డిపాజిట్ మీదే. అయితే భర్త బహుమతిగా ఇచ్చిన డబ్బుపై వచ్చే వడ్డీని చట్టం ఆయన ఆదాయంలోనే కలుపుతుంది. అందుకని దాన్ని మీ జీతంతో కలిపి ఒకే ఖాతాలో తిప్పకండి. ఏది ఎవరి డబ్బో రేపు ఎవరు అడిగినా చూపించగలగాలి. కొత్త పెట్టుబడులు మీ జీతం నుంచి, మీ పేరున మొదలుపెట్టండి.

ఇంకొక్కటి. 2007లో పెళ్లికి ముందు అమ్మానాన్నల పేర నామినేషన్ ఇచ్చి ఉంటే, పెళ్లితో అది చెల్లకుండా పోయింది. ట్రాన్స్‌ఫర్ పూర్తయిన రోజే ఆన్‌లైన్‌లో కొత్త నామినేషన్ పెట్టండి, పిల్లల పేర్లూ పుట్టిన తేదీలూ వాళ్ల ఆధార్‌లో ఉన్నట్టే రాయండి.