గొంతు సంగతి తర్వాత, ముందు ఆ లక్క వాసన రాయమనండి

"మేడమ్, నేను తపాలా శాఖలో పనిచేస్తాను. మలక్‌పేటలో ఉంటాం. మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. బీటెక్ వద్దట, ట్రావెల్ వీడియోలు తీసి తనే వాయిస్ ఓవర్ చెబుతుందట. 45 వేలు కట్టి వాయిస్ కోర్సులో చేర్పించమంటోంది. ఆ కోర్సు మంచిదా, మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ మంచిదా? లాడ్ బజార్ మీద తను చేసిన నాలుగు నిమిషాల వీడియో పంపుతున్నాను. దాని గొంతు ఇందుకు పనికొస్తుందా? నాకు నిద్ర పట్టడం లేదు."

వీడియో మూడుసార్లు చూశానండి. మొదటిసారి మామూలుగా చూశాను. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూశాను. మూడోసారి ఫోన్ బోర్లా పెట్టి మాటలు మాత్రమే విన్నాను. శబ్దం లేకుండా చూసినప్పుడు ఏం తెలిసిందో, బొమ్మ లేకుండా విన్నప్పుడు కూడా సరిగ్గా అదే తెలిసింది. మీ అమ్మాయి పనిలో లోపం అది, గొంతులో కాదు. గొంతు బాగానే ఉంది. కాస్త సన్నగా ఉన్నా మాట స్పష్టంగా ఉంది, ఒత్తులు సరిగా పలుకుతోంది. ఈ పనికి అంతకన్నా అక్కర్లేదు.

ఒక్క ముక్క తీసుకుని చెబుతాను. వీడియోలో దాదాపు నిమిషంన్నర దగ్గర గాజులు చేసే పెద్దాయన చేతులు దగ్గరగా కనిపిస్తాయి. ఆ షాట్ 12 సెకన్లు. బొగ్గుల కుంపటి, కరిగిన లక్క, పట్టకారుతో ఒక్కో అద్దపు రాయి తీసి గాజు మీద కూర్చడం, అన్నీ కనిపిస్తున్నాయి. దాని మీద అమ్మాయి చదివింది ఇది: "ఇక్కడ మనం గాజుల తయారీని చూడవచ్చు. ఎర్రటి బొగ్గుల మీద లక్క కరుగుతోంది. ఈయన చిన్న చిన్న రాళ్లను గాజు మీద అతికిస్తున్నారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ పక్కనే ఈ బజారు ఉంది."

మొదటి మూడు వాక్యాలు కన్ను అప్పటికే చూసేసినవి. నాలుగోది నిజమే కానీ, ఆ చేతులకూ దానికీ సంబంధం లేదు. పైగా 12 సెకన్లలో ఇరవై ఎనిమిది మాటలు. నేను పెట్టుకున్న లెక్క పది సెకన్లకు పదిహేను మాటలు. అంతకు మించితే తెలుగు పరుగెత్తుతుంది, వెనకాల ఉన్న కుంపటి చిటపట వినపడకుండా పోతుంది.

అందుకే అమ్మాయికి ఫోన్ చేశాను. "అక్కడ కూర్చున్నప్పుడు కెమెరాకు అందనిది నీకేం అందింది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పింది. "మేడమ్, ఆ వాసన నాకు తెలుసు. చిన్నప్పుడు నాన్న ఆఫీసుకు వెళ్తే పార్సిళ్లకు సీలు వేసేవాళ్లు కదా, అదే వాసన." ఇంకోటి కూడా చెప్పింది. తను ఏదో అడిగితే ఆయన తల ఎత్తకుండానే "ఆగమ్మా, గట్టిపడిపోతుంది" అన్నారట. స్క్రిప్టులో ఈ రెండూ లేవు. ఎందుకు రాయలేదంటే, అవి రాయదగ్గవి కావనుకుందట.

ఇద్దరం కూర్చుని ఆ 12 సెకన్లకు మళ్లీ రాశాం: "పార్సిల్ మీద సీలు వేసేటప్పుడు వచ్చే వాసన. చల్లారితే లక్క గట్టిపడుతుంది, రాయి కూర్చోదు. అందుకే ఈయన తల ఎత్తరు." సరిగ్గా పదిహేను మాటలు. చివరి రెండు సెకన్లు ఖాళీగా వదిలేశాం, కుంపటి శబ్దం కోసం.

ఆ తర్వాత వచ్చేది వీధి షాట్. జనం నడుస్తుంటారు, ప్రత్యేకంగా చూడాల్సింది ఏమీ లేదు. లక్క ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాల్సిన చోటు అది. లక్క పురుగు మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద పట్టి, ఒంటి నుంచి వదిలే జిగురే గట్టిపడి లక్క అవుతుంది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కొమ్మల మీద నుంచి గీకి తీస్తారు. ఈ మాట చేతుల షాట్ మీద పెట్టి ఉంటే, చూసేవాళ్లు చేతులైనా వదిలేసేవారు, మాటైనా వదిలేసేవారు. బొమ్మ బరువుగా ఉన్నచోట మాట తగ్గాలి, బొమ్మ తేలికగా ఉన్నచోట నేపథ్యం చెప్పాలి.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కొన్నేళ్లు డాక్యుమెంటరీలకు స్క్రిప్టులు రాశాను. మొదటిది గోల్కొండ మీద. "ఎదురుగా పెద్ద దర్వాజా కనిపిస్తోంది" అని రాశాను. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపిస్తుందన్న సంగతి వదిలేశాను. ఈ తప్పు అందరం చేస్తాం. దిద్దుకున్నాక వచ్చే తప్పు ఇంకొకటి ఉంది, అది అమ్మాయికి ముందే చెప్పండి. వాసన రాయమన్నారు కదా అని ప్రతి హోటల్ ముందూ "ఘుమఘుమలు" అని రాసేస్తారు. ఆ మాట ఏ ఊరికైనా అతుకుతుంది. తను పీల్చని వాసన రాయకూడదు. గైడు చెప్పిన కథ అయితే "అంటారు" అని చేర్చాలి, చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం కథలాగా. చూపులేనివారి కోసం చేసే వర్ణన వేరే పని. అక్కడ తెర మీద ఉన్నదే చెప్పాలి.

ఇక 45 వేల సంగతి. కట్టకండి. నా దగ్గరికి వచ్చిన వాయిస్ కోర్సుల్లో ఎక్కువభాగం శ్వాస, ఉచ్చారణ, మైకు ముందు నిలబడటం నేర్పిస్తాయి. ఏం చెప్పాలో నేర్పించవు. పరుపులు, బట్టల బీరువా ఉన్న గదిలో ఒక మాదిరి మైకు పెట్టుకుంటే రికార్డింగ్‌కు చాలు. ట్రావెల్ ఛానెల్ మీద కూడా నాకు నమ్మకం తక్కువేనని దాచకుండా చెబుతున్నాను. చానాళ్లు రాబడి ఉండదు. వ్యూస్ కోసం వారానికో ఊరు తిరగాలి, అలా తిరిగితే ఒక కుంపటి పక్కన గంట కూర్చునే ఓపిక పోతుంది. ఆ ఓపిక పోతే ఈ అమ్మాయి దగ్గర ఉన్న మంచి గుణమే పోయినట్టు. డిగ్రీలో మాస్ కమ్యూనికేషన్‌తో పాటు చరిత్రో, తెలుగు సాహిత్యమో ఉండేలా చూడండి. మ్యూజియంలకు, పర్యాటక శాఖలకు, డాక్యుమెంటరీలు తీసేవాళ్లకు స్క్రిప్టు రాసే మనిషి కావాలి. ఆ దారిలో ఛానెల్ పక్కన నడుస్తుంది.

మీమీద ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నాను. ఆ వీడియో మీరు ఎన్నిసార్లు చూశారు? ఒకసారి, అదీ బస్సులో, శబ్దం తగ్గించి అని అమ్మాయి చెప్పింది. సరిగా వినకుండానే గొంతు పనికొస్తుందా అని నన్ను అడుగుతున్నారు. పక్కింటివాళ్లు "చిన్నపిల్ల గొంతు" అన్నారని మీరు ఇంట్లో రెండుసార్లు అన్నారట కూడా. అలా అనడం తప్పండి. ఆ మాట విన్నాక ఎవరైనా వాయిస్ కోర్సు కావాలనే అంటారు. నిజానికి ఈ స్క్రిప్టులో మంచి వాక్యం మీ ఆఫీసు నుంచే వచ్చింది. మీ బల్ల పక్కన కూర్చున్న పిల్ల ముక్కుకు అది పదేళ్లు గుర్తుంది. అంత గుర్తు పెట్టుకునే బిడ్డ గురించి నిద్ర మానుకోకండి.

ఈ ఆదివారం అమ్మాయిని మళ్లీ లాడ్ బజార్‌కు తీసుకెళ్లండి, మీరూ వెళ్లండి. కెమెరా ఇంట్లో పెట్టించండి. ఒక చిన్న పుస్తకం, పెన్ను చాలు. ఒకే కొట్టు దగ్గర గంట కూర్చుని వేడి, వాసన, శబ్దం, పెద్దాయన అన్న మాటలు రాసుకోవాలి. ఫోన్‌లో అక్కడి శబ్దం మాత్రం ఒక నిమిషం, ఎవరూ మాట్లాడకుండా రికార్డు చేసుకురావాలి. కొత్త వీడియో తయారయ్యాక నాకు పంపమనండి. ముందు శబ్దం తీసేసి చూస్తాను.