సర్టిఫికెట్‌లో తేదీ వెనక్కి జరిపించకండి

ప్రశ్న: మా బాబు హైదరాబాద్‌లో ప్రైవేట్ కంపెనీలో చేరి నాలుగు నెలలైంది. జీతం 26 వేలు. 3వ తేదీన జ్వరంతో ఇంటికొచ్చాడు. మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించాం. 8న రక్తపరీక్షలో టైఫాయిడ్ అన్నారు. ఈ రోజు 12. ఆఫీసువాళ్లు మెడికల్ సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. తెలిసిన డాక్టరు చేత 3 నుంచి రాయించుకోవచ్చా? ఆన్‌లైన్‌లో కూడా ఇస్తారట. వాళ్లు చెక్ చేస్తారా? ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, నకిరేకల్ మండలం

జవాబు: అమ్మా, నిజంగా జబ్బు పడిన పిల్లవాడికి దొంగ కాగితం ఎందుకు? జ్వరం వచ్చి సెలవు పెట్టినందుకు మామూలుగా ఎవరూ ఉద్యోగంలోంచి తీసేయరు. తప్పుడు కాగితం ఇచ్చాడని తేలితే మాత్రం ప్రొబేషన్‌లో ఉన్నవాడిని నిలబెట్టుకోవడం కష్టం.

కోపం తెచ్చుకోకండి గానీ, ఐదు రోజులు ఆర్‌ఎంపీ దగ్గరే ఉంచడం మీ పొరపాటు. ఆయనకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి ఆయన రాసిచ్చే కాగితం ఆఫీసులో చెల్లదు. 3 నుంచి 7 వరకు బాబును చూసిన రిజిస్టర్డ్ డాక్టర్ ఎవరూ లేరు. తను చూడని రోజులకు చూసినట్టు ఏ డాక్టరూ రాయకూడదు. అబద్ధపు సర్టిఫికెట్ ఇస్తే రిజిస్టర్ నుంచి ఆయన పేరే తీసేయవచ్చు.

డాక్టర్ల ప్రవర్తనా నియమాల్లో (2002) సెలవు సర్టిఫికెట్‌కు ఒక నమూనా ఉంది. పైన రోగి సంతకం గానీ వేలిముద్ర గానీ, ఒంటి మీది గుర్తింపు మచ్చలు ఉండాలి. కింద జబ్బు పేరు, ఏ తేదీ నుంచి ఎన్ని రోజుల విశ్రాంతి అవసరమో, ఊరు, తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ వివరాలూ డాక్టర్ ఒక రిజిస్టర్‌లో రాసుకుని, కాపీ దగ్గర ఉంచుకోవాలి. చాలామంది పట్టించుకోరు గానీ, తర్వాత ఎవరైనా అడిగితే మీ బాబుకు అండగా నిలిచేది ఆ రిజిస్టరే.

చెక్ చేస్తారా అంటే, చేస్తారు. జాతీయ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కొడితే డాక్టర్ పేరు వస్తుంది. 2014కు ముందు రిజిస్టరైన మన డాక్టర్ల పేర్లు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ కింద కనిపించవచ్చు, దానికి కంగారు పడొద్దు. తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ తేదీన ఈ సర్టిఫికెట్ ఇచ్చారా అని అడుగుతారు. రోగి ఒప్పుకోకుండా జబ్బు వివరాలు డాక్టర్ చెప్పకూడదు, ఇచ్చామో లేదో చెబితే వాళ్లకు చాలు. వీటన్నిటికంటే ముందు చూసేది తేదీలు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి కాగితం 1వ తేదీన రాసింది. అందులోనే "10వ తేదీకి పూర్తిగా కోలుకున్నారు" అని ఉంది! రాసినాయనకు తొమ్మిది రోజుల తర్వాతి సంగతి ముందే ఎలా తెలిసింది? హెచ్‌ఆర్‌వాళ్లు ఎవరికీ ఫోన్ కూడా చేయలేదు.

ఇక ఆన్‌లైన్. ఫోన్‌లో ఫారం నింపి డబ్బు కడితే అరగంటలో పీడీఎఫ్ వస్తుందని పిల్లలు గొప్పగా చెబుతున్నారు. నాకు దాని మీద నమ్మకం లేదు. వీడియోలో డాక్టర్ సలహా తీసుకోవడం వేరు, అది మంచిదే. కానీ నాడి పట్టనివాడు, మచ్చ చూడనివాడు, రోగి సంతకం తీసుకోనివాడు "పరీక్షించి ధ్రువీకరిస్తున్నాను" అని ఎలా రాస్తాడు? క్యూఆర్ కోడ్ ఉందిగా అంటారు. స్కాన్ చేస్తే అది అమ్మినవాళ్ల వెబ్‌సైటే తెరుచుకుంటుంది. కాగితం వాళ్లే ఇచ్చారని తెలుస్తుంది గానీ, రోగిని ఎవరైనా చూశారని తెలియదు. నకిరేకల్‌లో పడుకున్న పిల్లవాడికి ఎక్కడో వేరే రాష్ట్రం డాక్టర్ సంతకం ఉంటే ఏ హెచ్‌ఆర్‌కైనా అనుమానం వస్తుంది.

మీ బాబు సంగతికి వద్దాం. ఈ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి గానీ ఎంబీబీఎస్ డాక్టర్ దగ్గరికి గానీ తీసుకెళ్లండి. 8వ తేదీ రిపోర్టు చూపించండి. ఆయన మళ్లీ పరీక్ష చేయిస్తానంటే చేయించండి. "3 నుంచి జ్వరమని రోగి చెప్పారు, 12న పరీక్షించాను, ఇన్ని రోజులు విశ్రాంతి అవసరం" అని 12వ తేదీతోనే రాయమనండి. అది నిజం, చెల్లుతుంది కూడా. ఓపీ చీటీ, మందుల బిల్లులు, ల్యాబ్ రిపోర్టు దానికి జతచేయండి. కోలుకున్నాక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ విడిగా, ఆ రోజు తేదీతో తీసుకోవాలి. జీతం 21 వేలు దాటింది కాబట్టి మీవాడు ఈఎస్‌ఐలో ఉండకపోవచ్చు. అయినా పేస్లిప్‌లో ఈఎస్‌ఐ కోత ఉందేమో చూడండి. ఉంటే ఈఎస్‌ఐ డిస్పెన్సరీ సర్టిఫికెట్ కావాలి.

మొదటి రోజుల గురించి బాబు మెయిల్‌లో ఉన్నదున్నట్టు రాయాలి: ఊళ్లో ప్రాథమిక వైద్యం తీసుకున్నాను, ఆ రోజులకు సర్టిఫికెట్ లేదు, ఉన్న సెలవులో గానీ జీతం లేని సెలవులో గానీ సర్దండి. మహా అయితే సర్టిఫికెట్ లేని ఆ రోజుల జీతం పోతుంది. మెయిల్ ఈ సాయంత్రమే వెళ్లాలి, అదీ బాబు చేతే. మీరు మాత్రం హెచ్‌ఆర్‌కు ఫోన్ చేయకండి.