డాక్టరమ్మ టీ మాన్పించలేదు, వేళ మార్పించారు

ప్రశ్న: మా అమ్మకు హిమోగ్లోబిన్ 9.5 ఉంది. ఐరన్ మాత్రలు వాడుతోంది. అన్నం తిన్న వెంటనే టీ తాగందే ఉండలేదు. భోజనంలో నిమ్మకాయ పిండుకుంటే సరిపోతుందా, లేక టీ మానేయాలా?

నిమ్మకాయ ఒక్కటే సరిపోదు. టీ మానేయాల్సిన పనీ లేదు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, నలభై ఒకటో ఏట ఒంగోలులో ఉద్యోగం చేస్తున్నప్పుడు మూడు నెలల పాటు నేను చేసిన తెలివితక్కువ పని.

అప్పట్లో మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడేవి. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9 అని తేలింది. గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు కాబట్టి నాది బాగా తక్కువే. మొదట చూపించుకున్న డాక్టరు మాత్రలు రాశారు. నెల తరువాత మార్పు లేకపోతే వేరే కంపెనీ మాత్రలు, మరో నెలకు ఇంకో కంపెనీవి రాశారు. ఆ మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకుంటున్నానని మాత్రం ఒక్కసారైనా అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయిస్తే 9.1 వచ్చింది. మలం నల్లగా వస్తోంది కాబట్టి మందు ఒంటికి పడుతోందని నేను నమ్మకంగా ఉన్నాను. నిజానికి ఆ నలుపు ఒంటికి పట్టకుండా బయటికి పోతున్న ఇనుముది. అది మందు వేసుకున్నామనడానికి గుర్తే గానీ, మందు పనిచేస్తోందనడానికి కాదు.

విసిగిపోయి నెల్లూరులో మా ఆడపడుచు చూపించుకునే డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఆవిడ రిపోర్టులన్నీ పక్కన పెట్టి, "పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా నోట్లో ఏమేం పడుతుందో వరసగా చెప్పండమ్మా" అన్నారు. చెప్పాను. లేవగానే కాఫీ, ఎనిమిదింటికి ఇడ్లీ, దాని వెంటే మరో కాఫీ. ఒంటిగంటకు ఆఫీసులో క్యారియర్ విప్పి అన్నం, పప్పు, కూర. పెరుగన్నం దగ్గరకు వచ్చేసరికి టీ కుర్రాడు గ్లాసు తెచ్చి బల్ల మీద పెడతాడు. ఆ టీతోనే ఐరన్ మాత్ర, ఎందుకంటే మంచినీళ్లతో వేసుకుంటే ఇనుప వాసన నోటికి వచ్చి వికారంగా ఉండేది. ఆవిడ పెన్ను కింద పెట్టి, "ఏందమ్మా, మందూ విరుగుడూ ఒకేసారి మింగుతున్నారా?" అన్నారు.

టీకి వగరు ఇచ్చే పదార్థాలు, అంటే టానిన్ల వంటి పాలీఫినాల్స్, అన్నంలోని ఇనుమును పేగులోనే పట్టుకుని ముద్ద కట్టేస్తాయని, పేగు గోడ ఆ ముద్దను లోపలికి తీసుకోలేదని ఆవిడ వివరించారు. పచ్చి మామిడిపిందె కోసిన ఇనుప కత్తి నల్లబడటం చూసే ఉంటారు. ఆ వగరుకీ ఇనుముకీ ఉన్న స్నేహమే ఇది. "మాది చిక్కటి పాల టీ కదండీ" అని నేను వాదించాను. పాలు పోసినంత మాత్రాన ఆ గుణం పెద్దగా తగ్గదట. పైగా పాలలోని కాల్షియం కూడా ఇనుముకు అడ్డమేనట. కాఫీదీ ఇదే తీరు, కాకపోతే కొంత నయం. 1983లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో భోజనంతో పాటు టీ తాగినవారిలో ఇనుము శోషణ 64 శాతం, కాఫీ తాగినవారిలో 39 శాతం తగ్గింది. అదే ప్రయోగంలో నాకు పనికొచ్చిన విషయం ఇంకొకటి ఉంది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఏ హానీ చేయలేదు గానీ, గంట తరువాత తాగినది భోజనంతో కలిపి తాగినంత హానీ చేసింది. ముందు తాగినది కడుపులోంచి వెళ్లిపోతుంది, తరువాత తాగినది ఇంకా అక్కడే ఉన్న అన్నం మీద పడుతుంది అని నేను అర్థం చేసుకున్నాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి ముందూ వెనుకా కనీసం గంట పాటు టీ, కాఫీలు వద్దని చెప్పింది. నేను మాత్రం తిన్న తరువాత రెండు గంటలు ఆగుతాను.

దీనివల్ల పోయేది ఎంతో మా ఇంటి పళ్లెం మీదే లెక్క వేసి చూపిస్తాను. అన్నం, తోటకూర పప్పు, ఒక వేపుడు కలిపి ఒక పూటకు 5 మిల్లీగ్రాముల ఇనుము ఉందనుకుందాం. శాకాహారపు ఇనుములో ఒంటికి పట్టేది మామూలుగానే కొద్దిపాటిది. నూటికి ఎనిమిది పాళ్లు పట్టిందనుకుంటే 0.4 మిల్లీగ్రాములు. టీ దానిలో మూడింట రెండు వంతులు తినేస్తే మిగిలేది 0.13 లేదా 0.14. నెలసరి ఉన్న స్త్రీ ఒంట్లోంచి రోజుకు సగటున ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. మూడు పూటలా ఇలాగే జరిగితే ఆ లోటు ఎక్కడి నుంచి పూడుతుంది? ఆదివారం కొరమీను పులుసు తిన్న రోజున పరిస్థితి కొంత మెరుగు. చేపలు, మాంసంలోని ఇనుములో కొంత భాగం వేరే రూపంలో ఉంటుంది, దాని మీద టీ ప్రభావం బాగా తక్కువ. అవి పక్కనున్న అన్నంలోని ఇనుమును కూడా పట్టేటట్లు చేస్తాయి. కానీ మా ఇంట్లో చేప వారానికి ఒక్కసారే.

ఇక నిమ్మకాయ సంగతి. సి విటమిన్ ఇనుమును పేగు తేలికగా తీసుకునే రూపంలోకి మారుస్తుంది, విడిగా పోకుండా పట్టుకుని ఉంటుంది. అయితే అది ఆ పూట అన్నంతో కలిసే ఉండాలి. పొద్దున తాగిన నిమ్మరసం మధ్యాహ్నపు పప్పుకు పనికిరాదు. పొదలకూరు నిమ్మకాయలు మాకు కొదవ లేదు కాబట్టి నేనూ మొదట అర చెక్క పిండుకుని తృప్తి పడేదాన్ని. డాక్టరమ్మ ఆ తృప్తిని కూడా పోగొట్టారు. ఒక కాయ రసంలో ఉండే సి విటమిన్ ఇంచుమించు 15 మిల్లీగ్రాములు, అర చెక్కలో అందులో సగం. గ్లాసెడు టీ చేసే పనిని అది సరిదిద్దలేదు. 100 గ్రాముల జామపండులో అయితే 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఇదే పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2013లో ప్రచురించిన పరిశోధనలో కౌమార వయసు పిల్లలకు అన్నంతో పాటు జామపండు పెడితే ఇనుము శోషణ దాదాపు రెట్టింపు అయింది. పావలా ఖర్చులేని మా పెరటి జామకాయను వదిలేసి, ఎర్రగా ఉంది కదా అని బీట్‌రూట్ రసానికీ దానిమ్మకూ డబ్బు పోసిన రోజులు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎరుపు రంగుకీ ఇనుముకీ సంబంధం లేదు.

పులుపు ఉంటే చాలు, సి విటమిన్ ఉన్నట్టేనని మా ప్రాంతంలో అనుకుంటారు. అదీ పొరపాటే. చింతపండులో పులుపు బోలెడంత, సి విటమిన్ నామమాత్రం. నిమ్మకాయ పులిహోరకు కూడా రసాన్ని పొయ్యి మీద మరిగే తాలింపులో పోస్తే చాలా భాగం వేడికి పోతుంది. పొయ్యి కట్టేసి, అన్నం కాస్త చల్లారాక కలపాలి. పప్పులో అయితే వడ్డించుకున్న తరువాత పళ్లెంలో పిండుకోవడం మేలు.

డాక్టరమ్మ చెప్పాక నా రోజు ఇలా మారింది. ఆరింటికి లేవగానే కాఫీ తాగుతాను, ఎనిమిదింటికి టిఫిన్ తింటాను, దాని వెనుక ఉన్న కాఫీని తీసేశాను. మధ్యాహ్నం అన్నంలో నిమ్మకాయ, చివర్లో పెరుగన్నం బదులు ఒక జామకాయ. పెరుగు రాత్రికి మార్చుకున్నాను. మాత్రను పదకొండింటికి, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, మంచినీళ్లతో వేసుకున్నాను. వికారంగా ఉన్న రోజుల్లో ఒక అరటిపండు తిని వేసుకునేదాన్ని. కాల్షియం మాత్రను దాని దగ్గరకు రానివ్వకుండా రాత్రికి పెట్టుకున్నాను. అన్నిటికన్నా కష్టమైనది ఒంటిగంట టీ. టీ కుర్రాడు వారం రోజులు అలవాటుగా గ్లాసు పెడుతూనే ఉన్నాడు, పక్క సీటులోని అమ్మాయి "అక్కా, ఒక్క గుక్కకు ఏమవుతుంది" అంటూనే ఉంది. చివరికి మూడున్నరకు తెమ్మని అతనికి చెప్పాక సమస్య తీరింది. నెల తరువాత హిమోగ్లోబిన్ 10.2, మూడు నెలలకు 11.6.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. నాకు నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉండేది, దానికి కూడా డాక్టరమ్మ అప్పుడే మందు ఇచ్చారు. పెరిగినదానిలో ఎంత దానివల్ల, ఎంత టీ వేళ మార్చడం వల్ల అని ఎవరైనా అడిగితే నా దగ్గర రుజువు లేదు. అయినా నా మట్టుకు నాకు ఆ ఒంటిగంట టీయే దోషి. ఇంకొక సంగతి, ఐరన్ మాత్రతో పాటు సి విటమిన్ మాత్ర కూడా కొనిపించే అలవాటు కొందరికి ఉంది. మాత్రలో ఇనుము మోతాదు ఎక్కువ కాబట్టి సి విటమిన్ కలిపినా కలపకపోయినా ఫలితంలో పెద్ద తేడా లేదని 2020లో చైనాలో జరిగిన ఒక పరిశోధనలో తేలింది. జామకాయ విలువ అన్నంలోని కొద్దిపాటి ఇనుము దగ్గరే.

మీ అమ్మగారి విషయంలో మొదట మాత్రను టీకి, పాలకు, కాల్షియానికి దూరం చేసి, భోజనం తరువాతి టీని రెండు గంటలు వెనక్కి జరపండి. నెల రోజుల తరువాత మళ్లీ పరీక్ష చేయించండి. మాత్ర సరిగా వేసుకుంటూ ఉంటే ఆ నెలలోనే సుమారు ఒక గ్రాము పెరుగుదల కనిపించాలి. కనిపించకపోతే డాక్టరును అడిగి ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి, అసలు లోటు ఇనుముదేనా కాదా అన్నది దానిలో బయటపడుతుంది. ఆమెకు నెలసరి ఆగిపోయి ఉంటే మాత్రం నెల దాకా ఆగకండి. ఆ వయసులో ఇనుము తగ్గిందంటే కడుపులోనో పేగులోనో ఎక్కడో నెమ్మదిగా రక్తం పోతూ ఉండవచ్చు, దాన్ని టీ మీదకు నెట్టేసి ఊరుకోకుండా ఇప్పుడే డాక్టరుకు చూపించండి.