డెక్‌లోని శాతాలను కేస్ స్టడీలో ఎంతవరకు రాయవచ్చు?

ప్రశ్న: సేల్స్ వాళ్లు కస్టమర్ సక్సెస్ స్టోరీ డెక్ ఒకటి చేతికిచ్చి, ఒక పేజీ కేస్ స్టడీ రాయమన్నారు. స్లైడ్ల నిండా శాతాలే. అవి ఎక్కడివో ఎవరూ చెప్పడం లేదు. తీసేస్తానంటే పేజీ చప్పగా ఉంటుందంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: తిరుపతిలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో ఇటువంటి పేజీలు రాయడం నా పని. ఆ మధ్య నాకు వచ్చిన డెక్ చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గురించినది. తోతాపురి సీజన్‌లో కాయల లోడుతో వచ్చే ట్రాక్టర్లు, లారీలు అక్కడ గేటు బయట బారులు తీరుతాయి. మా సాఫ్ట్‌వేర్ వాటికి టోకెన్లు ఇచ్చి, వంతు దగ్గరపడగానే డ్రైవర్ ఫోనుకు సందేశం పంపుతుంది. తొమ్మిదో స్లైడు మీద ‘వేచి ఉండే సమయం 60 శాతం తగ్గింది’ అని పెద్ద అక్షరాలతో ఉంది.

ఆ అంకె ఎలా పుట్టిందని డెక్ తయారుచేసిన సహోద్యోగిని అడిగాను. ‘ముందు 5 గంటలు’ అన్నది ఫ్యాక్టరీ మేనేజరు ఒక సమావేశంలో నోటిమాటగా చెప్పినదనీ, ‘ఇప్పుడు 2 గంటలు’ అన్నది జూలై చివరి వారపు లాగ్ నుంచి తీసిన సగటనీ తేలింది. 5 నుంచి 2కు దిగితే 60 శాతం తగ్గినట్టే కాబట్టి లెక్కలో తప్పు లేదు. కానీ మొదటిది రద్దీ రోజుల జ్ఞాపకం, రెండవది కాయ రాక పలచబడిన రోజుల కొలత. ఆ వారంలో మా సాఫ్ట్‌వేర్ లేకపోయినా వరుస పొట్టిగానే ఉండేది.

అంకెను కొట్టివేసే ముందు, ‘ముందటి’ స్థితికి కాగితం మీద ఏదైనా ఆధారం ఉందేమోనని ఫ్యాక్టరీకి వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ రాసే రిజిస్టరులో ప్రతి బండి వచ్చిన వేళ ఉంది, కాటా చీటీ మీద తూకం వేసిన వేళ అచ్చవుతుంది. ఈ రెండింటి మధ్య వ్యవధినే ‘వేచి ఉండే సమయం’గా తీసుకుని, సాఫ్ట్‌వేర్ రాకముందు ఏడాదీ, వచ్చిన ఏడాదీ జూన్‌లోని అవే 12 రోజులను సరిపోల్చాను. ఒక లారీ చెడిపోయి రాత్రంతా గేటు దగ్గరే ఉండిపోవడం వంటివి సగటును లాగేస్తాయి కనుక మధ్యగతం తీశాను. 4 గంటల 10 నిమిషాలు 2 గంటల 40 నిమిషాలైంది. శాతంలో చెబితే 36.

అయినా 36 శాతం అని నేను రాయలేదు. రిజిస్టరులో వేళలు చాలా వరకు 10.00, 10.30 అంటూ అరగంటకు సర్ది ఉన్నాయి. అంత మోటు కొలత మీద 36 అని రాస్తే లేని కచ్చితత్వాన్ని అంటగట్టినట్టవుతుంది. పైగా అదే ఏడాది మే నెలలో ఫ్యాక్టరీ రెండవ అన్‌లోడింగ్ ప్లాట్‌ఫారం కట్టుకుంది. ఈ సంగతి డెక్‌లో ఎక్కడా లేదు, కాటా దగ్గర పనిచేసే కుర్రవాడు మాటల్లో చెబితే తెలిసింది. తగ్గిన సమయంలో మా వాటా ఎంత, ప్లాట్‌ఫారం వాటా ఎంత అని విడదీసే మార్గం నాకు లేదు. చివరికి పేజీలో ఇలా రాశాను: ‘టోకెన్ పద్ధతి, రెండవ అన్‌లోడింగ్ ప్లాట్‌ఫారం వచ్చిన తరువాత, జూన్‌లోని అవే 12 రోజులను గత ఏడాదితో పోల్చగా, గేటు నుంచి కాటా వరకు పట్టే సమయం సుమారు గంటన్నర తగ్గింది.’

‘వల్ల’ అనకుండా ‘తరువాత’ అన్నందుకు సేల్స్ వాళ్లు నొచ్చుకున్నారు. మరో ఫ్యాక్టరీ యజమాని ఈ పేజీ చదివి అక్కడికే ఫోన్ చేస్తే ప్లాట్‌ఫారం సంగతి మొదటి నిమిషంలోనే బయటపడుతుందని చెప్పాక ఒప్పుకున్నారు.

‘వృథా 40 శాతం తగ్గింది’ అన్న స్లైడుకు ఏ రికార్డూ దొరకలేదు, తీసేశాను. ‘డ్రైవర్ల సంతృప్తి పెరిగింది’ అన్నదానికి సర్వే ఏదీ జరగలేదు. దాని స్థానంలో నేను కళ్లారా చూసింది రాశాను: ఇదివరకు నంబరు పిలుస్తారని గేటును అంటిపెట్టుకుని ఉండే డ్రైవర్లు ఇప్పుడు ఎదుటి చింతచెట్టు కింద పడుకుని, ఫోను మోగితే లేస్తున్నారు. పేజీ చప్పగా ఉందని ఆ తరువాత ఎవరూ అనలేదు. మేనేజరు పేరుతో డెక్‌లో ఉన్న పొగడ్త కూడా మా వాళ్లే రాసినది. ఆయననే అడిగితే ‘సీజన్‌లో గేటు దగ్గర గొడవలు కాస్త తగ్గాయి’ అన్నారు. ఆ మాటనే ఉంచి, మొత్తం పేజీకి ఆయన అనుమతిని మెయిల్‌లో తీసుకున్నాను.

మీ కస్టమర్ దగ్గర పాత రికార్డు ఏదీ లేకపోతే, పోలిక జోలికి పోకుండా ఇప్పటి కొలతను మాత్రమే, ఏ తేదీల నాటిదో చెబుతూ రాయండి. పేజీలోని ఏ వాక్యానికి ఏ రిజిస్టరు, ఏ లాగ్, ఏ మెయిల్ ఆధారమో విడిగా ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి. ఏడాది తరువాత మా సేల్స్‌లో కొత్తగా చేరిన వ్యక్తి ఆ గంటన్నరను మళ్లీ 60 శాతంగా మార్చబోతే, నేను ఆయనకు పంపింది ఆ షీటే.